రేడియో గురించి రాసిన పేజీ

ఏడాది చివర బడిలో అందరూ మార్కుల రిజిస్టర్లతో కుస్తీ పడుతుంటే, మూడో తరగతి టీచరమ్మ మాత్రం పిల్లల గురించి కాగితాలు రాస్తూ కూర్చునేది. ముప్పై నాలుగు మంది పిల్లలు, ముప్పై నాలుగు కాగితాలు. వచ్చే ఏడు ఆ పిల్లలను అందుకోబోయే నాలుగో తరగతి టీచరు కోసం. ఆమెను ఎవరూ రాయమనలేదు. రాసినందుకు జీతం పెరగదు, మానేసినందుకు ఎవరూ అడగరు. అయినా పంతొమ్మిదేళ్లుగా ఒక్క ఏడూ మానలేదు. అలాంటి మనుషులు బడికొకరుంటే చాలు, బడి నిలబడుతుంది. వాళ్లకు ఆ సంగతి తెలియకపోవడమే ఇంకా మంచిది.

ఒక్కో కాగితంలో మూడు ముక్కలుండేవి. ఈ పిల్లకు ఏం బాగా వచ్చు, ఏం కావాలి, ఏం చేస్తే పని జరుగుతుంది. ‘మొండి’, ‘బద్ధకం’, ‘అల్లరి’ లాంటి మాటలకు అందులో చోటు లేదు. మరునాడు పొద్దున్నే క్లాసులో చేసి చూడడానికి వీల్లేని సలహా రాయకూడదని ఆమె నియమం. ఇంకో నియమం ఇంతకన్నా గట్టిది. రాసిన కాగితాన్ని ఆ పిల్ల ముందూ, తల్లిదండ్రుల ముందూ గొంతెత్తి చదవాలి. అలా చదవలేకపోతే చించేయాలి.

‘ఈ అబ్బాయిని కిటికీ పక్కన కూర్చోబెట్టకండి. రోడ్డు మీద పోయే ప్రతి లారీ నంబరూ తనకు కావాలి. కూడికల్లో లారీ నంబర్లే ఇవ్వండి, తలెత్తడు.’ ‘ఈ అమ్మాయి నిలబడితే మాట పెగలదు. కూర్చోబెట్టి అడిగితే అన్నీ చెబుతుంది.’ ‘ఈ కవలలను పక్కపక్కన ఉంచితే ఒక్క నోటుబుక్కే నిండుతుంది.’ ఇలా ఉండేవి ఆ కాగితాలు. చదువుతుంటే పిల్లలు ఎదురుగా వచ్చి నిలబడ్డట్టుండేది.

ఈ పిచ్చి ఆమెకు ఎలా పట్టుకుందో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక పిల్లవాడు పిలిస్తే పలికేవాడు కాదు. పొగరనుకుంది. మందలించింది, బెంచీ ఎక్కించింది, ఇంటికి చీటీ పంపింది. ఎనిమిది నెలలయ్యాక బస్సు కోసం నిలబడ్డచోట, అంతకుముందు ఏడాది వాడికి చదువు చెప్పిన టీచరు కనిపించి, కూరగాయల ధరలు చెప్పినంత తేలిగ్గా, “వాడికి ఎడమ చెవి వినపడదుగా, మీకు చెప్పలేదా?” అంది. ఆ ఏడాదంతా ఆమె వాడికి ఎడమవైపునే నిలబడి పాఠం చెప్పింది. ఒక్క వాక్యం ఎవరైనా రాసి ఇచ్చి ఉంటే ఆ ఎనిమిది నెలలూ వాడికి దక్కేవి. ఆ బాధ ఆమెను ఇప్పటికీ వదల్లేదు, వదలాలని ఆమె కోరుకోనూ లేదు.

వంటింట్లో భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని రాస్తుంటే అత్తగారు పక్కన చేరి వేళాకోళమాడేది.

“ఊళ్లో పిల్లలందరి గురించీ రాస్తావు, నా గురించి కూడా ఒకటి రాసి నీ తోడికోడలికి పంపించరాదూ. వచ్చే నెల అక్కడికే కదా వెళ్తున్నాను.”

“రాశానత్తయ్యా. ‘మందులు వేసుకున్నానని చెబుతారు, నమ్మకండి. డబ్బా తెరిచి లెక్కపెట్టుకోండి’ అని.”

“బాగుంది సంబడం. బలాలేవీ రాయలేదా?”

“నోరు,” అంది కోడలు తలెత్తకుండా, రాస్తూనే.

ఆ ఏడు నాలుగో తరగతికి కొత్త మాస్టారు వచ్చాడు. పాతికేళ్ల వాడు, చకచకా నడుస్తాడు, చకచకా మాట్లాడతాడు. కాగితాల సంగతి వినగానే మొహం మీదే వద్దన్నాడు.

“ఏమీ అనుకోకండి టీచరుగారూ. నేను చదవను. నా చిన్నప్పుడు మా టీచరుకి ఎవరో ముందే చెప్పి పెట్టారు, వీడు దొంగబుద్ధి అని. ఏడాదంతా ఎవరి పెన్సిల్ పోయినా నా సంచే వెతికారు. పిల్లల్ని నా కళ్లతో నేను చూసుకుంటాను.”

ఇంకొకరైతే మొహం మాడ్చుకునేవారు. ఆమెకు మాత్రం ఆ కుర్రవాడు ఆ క్షణానే నచ్చేశాడు.

“అలాంటి వాక్యం ఒక్కటి కనిపించినా మొత్తం కట్ట పొయ్యిలో పెట్టండి. కానీ ఒక పని చేయండి. బడి మూసేలోపు రోజూ ఒక పీరియడ్ నా క్లాసులో మీరు పాఠం చెప్పండి. నేను వెనక కూర్చుంటాను. నా కాగితాలు తప్పని తేలితే దిద్దుకుంటాను.”

ఇది ఆమె ఏటా చేసే పనే. కాగితాన్ని అందుకోబోయే మనిషి చేతిలోనే పరీక్షకు పెట్టడం. మాస్టారు కాదనలేకపోయాడు. సెలవులకు ఇంకా పన్నెండు పనిదినాలున్నాయి.

ఇక్కడ రేడియో గురించి చెప్పాలి. రేడియో అంటే క్లాసులో రెండో బెంచీ అమ్మాయి. విన్నది విన్నట్టు అప్పజెబుతుందని పిల్లలే ఆ పేరు పెట్టారు. దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే ఆవిడ కూతురు. పాఠం చదవమంటే ఎక్కడా తొట్రుపడకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచి చదివేది. మిగతా పిల్లల కాగితాలు రెండు వైపులా నిండితే, ఆ పిల్లది మూడే వాక్యాలు. ‘చురుకైన పిల్ల. పాఠం ఒకసారి చదివి వినిపిస్తే తడుముకోకుండా చదువుతుంది. ఈ పిల్ల గురించి బెంగ అక్కర్లేదు.’

మొదటి రోజు మాస్టారు పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, గ్రంథాలయం అలమరాలోంచి పిల్లలెప్పుడూ చూడని కథల పుస్తకాలు తీసి ఇద్దరికొకటి పంచాడు. దారి తప్పిన తాబేలు కథ. తనే ఒక పేజీ చదివి వినిపించాడు. చకచకా చదివే మనిషి కదా. నాలుగో వరసా, అయిదో వరసా రెండూ ‘తాబేలు’ అనే మాటతోనే మొదలవుతున్నాయి. కన్ను జారింది. మూడో వరస నుంచి నేరుగా అయిదో వరసలోకి దూకాడు. ఆ సంగతి ఆయనకే తెలియలేదు. తరవాత రేడియోను చదవమన్నాడు.

రేడియో లేచింది. వేలు పెట్టి, ఎప్పటిలాగే గలగలా చదివింది. మూడో వరస అయ్యాక అయిదో వరస చదివింది.

రేడియో వెనక బెంచీలోనే పుస్తకం ముందుంచుకుని కూర్చున్న టీచరమ్మ ముందు నవ్వుకుంది, పిల్లకు కూడా కన్ను జారిందనుకుని. అప్పుడు ఆమె చూపు పిల్ల వేలి మీద పడింది. నోరు ఆరో వరసలో ఉంది. వేలు ఇంకా నాలుగో వరస మధ్యలో నింపాదిగా నడుస్తోంది.

ముందు బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. “మాస్టారూ, తాబేలు నీళ్లు తాగిన లైను వదిలేసింది.”

రేడియో అయోమయంగా చూసింది. “అది మాస్టారు చదవలేదుగా,” అంది.

క్లాసులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మాస్టారు పుస్తకం చూసుకుని, “అవునమ్మా, నేనే వదిలేశాను,” అని నవ్వేశాడు. టీచరమ్మకు మాత్రం ఆ ఏడాదంతా ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగింది. రోజూ తను చదవడం, వెంటనే ఆ పిల్ల చదవడం, తను మురిసిపోవడం.

మధ్యాహ్నం అందరూ ఆటలకు వెళ్లాక రేడియోను పక్కన కూర్చోబెట్టుకుంది. విడివిడిగా అక్షరాలు చూపిస్తే గడగడా చెప్పింది. గుణింతాల్లో తడబాటు మొదలైంది. ఒత్తులున్న మాట వస్తే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేది. ‘గుడ్డు’ రాసి చూపిస్తే ‘గుడి’ అంది. అర్థం లేని మాటలు, ‘మోపిక’, ‘టబిలు’ లాంటివి రాసి చూపించింది. అవి ఎక్కడా విని ఉండే వీల్లేదు కాబట్టి గుర్తుతో నెట్టుకురావడం కుదరదు. పిల్ల కాగితం వంక చూసింది, టీచరమ్మ పెదాల వంక చూసింది, మళ్లీ కాగితం వంక చూసింది. అంతే.

మరి ఏడాదంతా ఎలా గడిచింది? పరీక్షలో ప్రశ్నలు టీచరమ్మే చదివి వినిపించేది, పిల్లలు భయపడకూడదని. డిక్టేషన్ మాటలు ముందురోజే ఇచ్చేది, పిల్లలు సిద్ధపడాలని. రేడియో నోటుబుక్కులోని జవాబులనూ ఆ మాటలనూ బొమ్మలు గుర్తు పెట్టుకున్నట్టు గుర్తు పెట్టుకుని గీసేది. ఆమె మంచితనంతో చేసిన ప్రతి పనీ ఆ పిల్లకు దాక్కునే చోటైంది. అల్లరి చేసే పిల్లల మీద రెండేసి పేజీలు రాసిన మనిషి, ఇబ్బంది పెట్టని పిల్లను సరిగా చూడనే లేదు.

ఆ సాయంత్రం ఆమె అత్తగారి పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పింది.

“కాగితం మార్చి రాయాలత్తయ్యా. నిజం రాస్తే, ఇన్నేళ్లు రాసినవి కూడా ఇలాగే ఉన్నాయేమో అంటారు. పేరు పోతుందని భయంగా ఉంది.”

“బడిలో నీ పేరు ఎంతమందికి తెలుసే? అందరూ టీచరమ్మ అనే కదా పిలిచేది. పోవడానికి ముందు పేరంటూ ఒకటి ఉండాలిగా,” అంది అత్తగారు. మందుల డబ్బా దగ్గరికి లాక్కుంటూ, “పోనీ రాయకపోతే ఏమవుతుంది?” అంది.

“నాలుగో తరగతిలో పాఠాలు పెద్దవి. ఎవరూ ముందు చదివి వినిపించరు. జూలైకల్లా పిల్ల మూగదైపోతుంది. కొత్త మాస్టారు, మూడులో బాగానే చదివిందట, ఇప్పుడు బద్ధకమొచ్చిందనుకుంటాడు.”

“అయితే ఇంకేం ఆలోచన?” అని అత్తగారు మందుల డబ్బా తెరిచింది.

మిగిలిన పదకొండు రోజులూ భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు రేడియోకు కేటాయించింది. ఏం కావాలో రాయడం తేలిక. ఏం చేస్తే పని జరుగుతుందో చేసి చూడకుండా రాయడం ఆమె వల్ల కాదు. ముందు తల్లిని పిలిపించి, కారణం తరవాత చెబుతానని, కళ్లు, చెవులు చూపించమంది. రెండూ బాగున్నాయని తేలింది. తరవాత మాటల కార్డులు చేసింది. రెండో రోజుకే రేడియో అన్నీ చదివేసింది. టీచరమ్మ సంబరపడబోయి, ఎందుకో అనుమానమొచ్చి అదే మాటను వేరే కాగితం మీద రాసి చూపించింది. పిల్ల నోరు మెదపలేదు. అసలు కార్డు మూల చిన్న సిరా మరక ఉంది. ఆ మరకను చూసి ‘నిచ్చెన’ అంటోందన్నమాట. ఈ పిల్ల జ్ఞాపకశక్తి ముందు మామూలు ఉపాయాలేవీ నిలవవని అప్పుడు తెలిసింది. కోపం రాలేదు ఆమెకు. అబ్బురమనిపించింది.

ఆరో రోజున ఆ జ్ఞాపకాన్నే పనిలో పెట్టింది. “నువ్వే ఏదైనా చెప్పు, నేను రాస్తాను,” అంది. రేడియో వాళ్లమ్మ కుట్టు గురించి నాలుగు వాక్యాలు చెప్పింది. టీచరమ్మ పెద్ద అక్షరాలతో రాసి, కత్తెరతో మాట మాటకూ కత్తిరించి, బల్ల మీద కలిపేసింది. ఇప్పుడు వరస గుర్తున్నా లాభం లేదు. ఏ ముక్క ఏదో చూసి తీరాలి. కానీ మాటలన్నీ తనవే, పరాయివి కావు. పిల్ల ‘దారం’ వెతికి పట్టుకుంది. ‘సూది’ పట్టుకుంది. ‘బొత్తాం’ దగ్గర చాలాసేపు ఆగింది, కింద ఒత్తును వేలితో తడిమింది, రెండు సార్లు తప్పు చెప్పింది, మూడోసారి నెమ్మదిగా చదివింది. ఆ ఒక్క మాటకూ అయిదు నిమిషాలు పట్టింది. బొత్తాం అన్న మాట ఇంత గొప్పదని టీచరమ్మకు అంతవరకూ తెలియదు.

చివరి శుక్రవారం కాగితాల కట్ట ప్రధానోపాధ్యాయురాలి బల్ల మీదికి చేరింది. ఆవిడ మంచిదే, కాకపోతే జాగ్రత్త మనిషి. వచ్చే ఏటి నుంచి అన్ని తరగతుల టీచర్లూ ఇలాంటి కాగితాలు రాయాలని, ఈ కట్టనే నమూనాగా చూపించాలని తీర్మానించుకుంది. రేడియో పేజీ దగ్గర ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. మొదటి వాక్యం ఇలా ఉంది: ‘ఈ అమ్మాయికి చదవడం రాలేదు. ఆ సంగతి ఏడాది పాటు నాకు తెలియలేదు.’

“ఇదెందుకు టీచరుగారూ? కట్ట మొత్తంలో అందరూ ఈ ఒక్క ముక్కే చదువుతారు. ‘చదవడంలో మరికొంత సాధన అవసరం’ అని రాస్తే సరిపోదా?”

“ఆ మాట ఏ పిల్ల గురించి రాసినా నిజమే మేడమ్. అందుకే దాంతో ఎవరికీ ఉపయోగం లేదు.”

“రెండో వాక్యమైనా తీసేయండి.”

“అది తీసేస్తే తప్పు పిల్ల మీద పడుతుంది. ‘ఒకసారి చదివి వినిపిస్తే చదువుతుంది’ అని పోయిన నెల నేనే రాశాను. అది సలహా కాదు, అదే జబ్బు. దాన్ని నేనే మంచిదని పొగిడానని తెలిస్తేనే, ఇంకెవరూ మళ్లీ అలా చేయరు.”

ఆవిడ కాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చుంది. తరవాత ఆ పేజీ మీద కూడా మిగతా వాటి మీద పెట్టినట్టే సంతకం పెట్టింది. ఆవిడనూ మెచ్చుకోవాల్సిందే.

మరునాడు తల్లిదండ్రుల ముందు కాగితాలు చదివే రోజు. కొత్త మాస్టారు కూడా ఒక మూల కుర్చీ వేసుకున్నాడు. రేడియో తల్లి దుకాణం నుంచి నేరుగా వచ్చింది, చీరకు దారపు పోగులు అంటుకునే ఉన్నాయి. టీచరమ్మ మొదటి రెండు వాక్యాలూ చదివేసరికి ఆవిడ మొహంలో రంగు మారింది.

“అదేంటండీ. ఇంట్లో రోజూ చదివి వినిపిస్తుంది. పక్కింటివాళ్లను పిలిచి మరీ వినిపిస్తాను నేను.” కూతురి వైపు తిరిగింది. “అంటే ఇన్నాళ్లూ మమ్మల్ని మోసం చేశావా?”

“లేదమ్మా,” అంది టీచరమ్మ. “నేను చదివింది ఒక్క అక్షరం పోకుండా మనసులో పెట్టుకుని నాకే తిరిగి ఇచ్చింది. దాన్ని చదవడం అనుకున్నది నేను. పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్న నేను. తిట్టాలనిపిస్తే నన్ను తిట్టండి.”

ఆ గొంతులో ఎక్కడా వినయపు నటన లేదు, సాకు లేదు. తల్లి తిట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, “మిగతాది చదవండి,” అంది.

టీచరమ్మ చదివింది. ‘విన్నది మరిచిపోదు. కథను సొంత మాటల్లో పెద్దవాళ్లకన్నా బాగా చెబుతుంది. గుణింతాలు, ఒత్తులు మొదటి నుంచీ కావాలి. రోజూ పది నిమిషాలు తను చెప్పిన మాటలే రాసి, కత్తిరించి, కలిపి ఇవ్వండి. అందరి ముందూ ఉన్నట్టుండి లేపి చదవమనకండి. మాట దగ్గర ఆగితే అందించకండి, కాచుకోండి. పాఠం ముందుగా చదివి వినిపించకండి.’

“టీచర్,” అంది రేడియో. అంతవరకూ తల వంచుకునే ఉంది. “అంటే ఇంకెప్పుడూ నాకు చదివి వినిపించరా?”

“ఎందుకమ్మా?”

“మీరు చదువుతుంటే నాకు బాగుంటుంది. అందుకే గుర్తుంటుంది.”

టీచరమ్మకు కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. పెన్ను తీసి కింద ఇంకో వాక్యం చేర్చి చదివింది: ‘తను చదవడం అయ్యాక మీరు చదివి వినిపించండి. వినడమంటే తనకు ప్రాణం.’

“ఇలా ఉంటే సరేనా?”

రేడియో తలూపింది.

అందరూ వెళ్లాక కొత్త మాస్టారు కట్ట అందుకున్నాడు. “వీటిని చదవనన్నాను కదా,” అన్నాడు. “చదువుతాను. రాసినవాళ్ల తప్పులు చూపించని కాగితాలంటేనే నాకు భయం.” రేడియో పేజీని విడిగా తీసి జేబులో పెట్టుకున్నాడు.

సెలవులయ్యాయి. బడి తెరిచాక మూడో వారంలో ఒకరోజు టీచరమ్మ హాజరు పట్టీ తీసుకుని వరండాలో వెళ్తూ నాలుగో తరగతి గది దగ్గర ఆగిపోయింది. లోపల భోజనాల విరామంలో మాస్టారూ రేడియో ఇద్దరే ఉన్నారు. పిల్ల కొత్త పుస్తకం ముందేసుకుని చదువుతోంది. గలగల లేదు. ఒక మాట, ఆగడం. ఇంకో మాట సగం, ఆగడం, వెనక్కి వెళ్లడం. ఏదో ఒత్తు దగ్గర పూర్తిగా నిలిచిపోయింది. మాస్టారు నోరు తెరవలేదు. చకచకా మాట్లాడే ఆ మనిషి చేతులు కట్టుకుని అలాగే కూర్చున్నాడు. బయట టీచరమ్మ పెదాల మీదికి ఆ మాట వచ్చేసింది, మింగేసింది. చాలాసేపటికి రేడియో ఆ మాటను చదివింది, తరవాత వరస చివరిదాకా కుంటుకుంటూ వెళ్లింది.

ఏడాదంతా ఆ పిల్ల గొంతు విని మురిసిన మనిషి, ఆ పిల్ల పుస్తకం చదవడం వినడం అదే మొదటిసారి.

“అయిపోయింది మాస్టారూ,” అంది రేడియో లోపల. “ఇప్పుడు మీరు చదవండి.”